హోటలు చీటీ నుంచి మెనూ కార్డు దాకా: పద్నాలుగు వరసలు పదిహేడు ఎలా అయ్యాయి

కర్నూలులో డీటీపీ సెంటరు నడిపేవాళ్ళకు పెళ్ళి కార్డుల తర్వాత ఎక్కువగా వచ్చే పని హోటలు మెనూలే. ఓనరు వస్తాడు, జేబులోంచి మడత చీటీ తీస్తాడు, "ఇది కొంచెం నీట్‌గా కొట్టియ్యన్నా, సాయంత్రానికి కావల్ల" అంటాడు. చీటీలో ఉన్నది ఉన్నట్టు కొట్టి ఇవ్వడానికి అరగంట చాలు. కానీ ఆ చీటీ ఓనరు తన కోసం తాను రాసుకున్నది. కస్టమరుకు కావలసిన సగం సంగతులు ఓనరు తలలో, ఇంకో పావు వంట మాస్టరు తలలో ఉంటాయి. వాటిని బయటికి లాగడమే అసలు పని, డిజైను ఆ తర్వాత సంగతి. బళ్ళారి చౌరస్తా వైపు పన్నెండు టేబుళ్ళున్న ఒక చిన్న హోటలుకు నేను చేసిన కార్డును మొదటి నుంచి చివరిదాకా చెప్తాను.

బిల్లు బుక్కు కాగితం వెనక ఉన్న చీటీ ఇది:

ఉగ్గాని 40 బజ్జి
కారం దోశ 60 నెయ్యి
సంగటి నాటు 220
సంగటి పొట్టేలు 280
జొన్న రొట్టె 20
కుష్కా 90
చి.బి. 160 260
మ.బి. 240
దాల్చా
తలకాయ ఆది 200
వె.నూడుల్స్ 90
ఎగ్ రైస్ 100
పప్పు, గోంగూర
మీల్స్ 120 నా.వె.

1. ముందు ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకోండి

చీటీని ఫోన్‌తో ఫొటో తీసి, ప్రతి వరసకూ నంబరు వేసి, ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్‌లో గానీ అక్షరం మార్చకుండా కొట్టండి. "చి.బి." అంటే చికెన్ బిర్యానీ అని మనకు తెలుసు, అయినా అప్పుడే విడదీయకండి. మనకు తెలుసు అనుకున్న చోటే తప్పు పడుతుంది. ఒక నిలువు వరసలో చీటీ మాట, దాని పక్కన కార్డు మీద పడే పేరు, తర్వాత విభాగం, ధర, రెండో ధర, గుర్తు, వివరణ. ఈ గడులన్నీ నిండేదాకా డిజైను సాఫ్ట్‌వేర్ తెరవకూడదు. తెరిస్తే రంగుల మీదికి, బొమ్మల మీదికి మనసు పోతుంది, ఖాళీ గడులు ఖాళీగానే ప్రెస్సుకు పోతాయి.

2. ఓనరుతో ఒకసారి, మాస్టరుతో ఒకసారి కూర్చోండి

మధ్యాహ్నం భోజనాలు అయిపోయి సాయంత్రం గిరాకీ మొదలయ్యే లోపు, అంటే మూడున్నర నాలుగు గంటలకు వెళ్ళండి. ఒంటిగంటకు వెళ్తే ప్రతిదానికీ "అవునవును" అనే జవాబే వస్తుంది.

ప్రతి వరస దగ్గరా అడగవలసినవి ఎక్కువ లేవు. ఇది విడిగా అమ్ముతారా, దేంతోనైనా కలిపి వస్తుందా? ఈ ధరకు ఎంత పెడతారు? రోజూ ఉంటుందా? ఏ పూట? ఈ నాలుగు ప్రశ్నలతోనే చీటీ రూపం మారిపోయింది.

ఉగ్గాని 40కి రెండు మిరపకాయ బజ్జీలు కలిపే వస్తాయట. ఇంకా కావాలంటే ఒక్కో బజ్జీ 10. అంటే ఒక వరస రెండయింది. కారం దోశ 60, నెయ్యి వేస్తే 75, అదీ రెండయింది. ఈ 75 చీటీలో ఎక్కడా లేదు. సంగటి నాటు అంటే రెండు ముద్దలు, ఒక గిన్నె నాటుకోడి పులుసు. పొట్టేలు పులుసుతో కూడా రెండు ముద్దలే. ముద్ద ఇంకొకటి కావాలంటే 25. ఇదీ చీటీలో లేదు, కానీ సంగటి తినేవాళ్ళలో సగం మంది అడిగేది అదే.

చికెన్ బిర్యానీ 160 సింగిల్, 260 ఫుల్. మరి మటన్‌కు ఒక్క ధరే ఉందేమని అడిగితే, "ఫుల్ రాయద్దన్నా, ఆ పొద్దు మటన్ ఎంత వస్తాదో చెప్పలేము" అన్నాడు. "ఆది" అంటే ఆదివారం. తలకాయ కూర ఆదివారం తప్ప దొరకదు. మీల్స్ 120 వెజ్, నాన్‌వెజ్ 180. 180 అంకె రాయడానికి కాగితం అంచు అయిపోయిందట.

ఇక "పప్పు, గోంగూర". పప్పు ఒకటి, గోంగూర పచ్చడి ఒకటి అనుకున్నాను. గోంగూర మటన్ కూడా కావచ్చని అనుమానం వచ్చింది. తీరా చూస్తే అది కామా కాదు, నూనె మరక. వంటకం గోంగూర పప్పు, ధర 80.

దాల్చా విడిగా అమ్మరు. కుష్కాతో, బిర్యానీతో గిన్నెలో పోసి ఇస్తారు. అంటే దాల్చాకు కార్డు మీద సొంత వరస లేదు, వివరణలో మాత్రం చోటుంది. అలా ఒకటి పోయి నాలుగు కలిసి, పద్నాలుగు వరసలు పదిహేడయ్యాయి: బజ్జీ, నెయ్యి దోశ, సంగటి ముద్ద, నాన్‌వెజ్ మీల్స్ కొత్తగా వచ్చాయి.

3. వెజ్, నాన్‌వెజ్ గుర్తులు: పేరు చూసి కాదు, గిన్నె చూసి

కొన్నేళ్ళ కిందట ఇంకో హోటలు కార్డులో కుష్కా పక్కన ఆకుపచ్చ గుర్తు పెట్టాను. ముక్కలు ఉండవు, ఉత్త అన్నం, వెజ్ కాక ఇంకేమి అనుకున్నాను. శాకాహారులైన ఒక కుటుంబం అది తిని, దాల్చాలో ఎముక తగిలాక గొడవ పెట్టుకున్నారు. కార్డులన్నీ అప్పటికే లామినేషన్ అయిపోయాయి. తప్పు పూర్తిగా నాదే. ఆ హోటల్లో కుష్కా అంటే బిర్యానీ గిన్నెలోంచి ముక్కలు లేకుండా తీసిన అన్నం. దాల్చా మటన్ ఎముకలు వేసి కాచినది. కుష్కాను విడిగా వండేవాళ్ళు, దాల్చాను ఉత్త సొరకాయతో చేసేవాళ్ళు కూడా ఉన్నారు. అందుకే ఈ రెండిటి గుర్తు హోటలు హోటలుకూ మారుతుంది, అడగకుండా తేలదు.

గుర్తుల రూపం ఇప్పుడు ఇలా ఉంది. శాకాహారానికి ఆకుపచ్చ గీతతో చతురస్రం, లోపల నిండు ఆకుపచ్చ వృత్తం. చతురస్రం భుజం వృత్తం వ్యాసానికి రెట్టింపు. మాంసాహారానికి బ్రౌన్ గీతతో చతురస్రం, లోపల నిండు బ్రౌన్ త్రిభుజం. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2020 లేబులింగ్ నిబంధనల్లో వృత్తం పోయి త్రిభుజం వచ్చింది. మన కంప్యూటర్లలో పాత డిజైను ఫైళ్ళలో ఇంకా బ్రౌన్ చుక్కే ఉంటుంది, కొన్నిట్లో ఎర్ర చుక్క. వాటిని కాపీ చేసి అతికించకండి. ఆకుపచ్చ, బ్రౌన్ తేడా కనిపించనివాళ్ళకు రెండు చుక్కలూ ఒకటే, బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్‌లోనూ ఒకటే. త్రిభుజమైతే రంగు పోయినా తెలుస్తుంది.

మెనూలో ప్రతి వంటకానికీ ఈ గుర్తు, అలెర్జీ వివరం, కేలరీలు వేయాలన్న నిబంధన కేంద్ర లైసెన్సు ఉన్న, లేదా పది అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్ళకు వర్తిస్తుంది. మన పన్నెండు టేబుళ్ళ హోటలుకు ఆ కేలరీల లెక్క అక్కరలేదు. గుర్తు మాత్రం వేయాల్సిందే అంటాను, వేస్తే ఆ రూపంలోనే వేయాలి. సొంతంగా ఆకు బొమ్మ, కోడి బొమ్మ గీయడం వద్దు.

కోడిగుడ్డు సంగతి ప్రతి ఓనరుతోనూ వాదన. "గుడ్డుకు పసుపు చుక్క పెట్టన్నా" అంటారు. నిబంధనల లెక్కన గుడ్డు మాంసాహారమే, దానికి బ్రౌన్ త్రిభుజమే. పాలు, తేనె మాత్రం శాకాహారం కింద వస్తాయి. గుడ్డు తిని మాంసం తిననివాళ్ళ కోసం పేరులోనే తెలిసేట్టు రాస్తే సరి: "ఎగ్ రైస్" అన్న పేరు చాలు, ఇంకో రంగు అక్కర్లేదు.

వెజ్ నూడుల్స్ దగ్గర మాస్టరును పిలిచి, "నూడుల్స్ ప్యాకెట్ ఒకసారి చూపించన్నా" అన్నాను. బియ్యం మూట వెనక నుంచి సగం తెరిచిన ప్యాకెట్ తీశాడు. మూలన చిన్నగా బ్రౌన్ త్రిభుజం. గుడ్డు కలిపిన నూడుల్స్. ఆ హోటల్లో అన్నాళ్ళూ క్యారెట్, క్యాబేజీ వేసి దాన్నే వెజ్ అని అమ్ముతున్నారు. మోసం చేయాలని కాదు, ప్యాకెట్ ఎవరూ తిప్పి చూడలేదు అంతే. రెండు దారులున్నాయి: గుర్తు మార్చడం, లేదా ప్యాకెట్ మార్చడం. ఓనరు ప్యాకెట్ మార్చాడు. కొత్త ప్యాకెట్ ఫొటో వాట్సాప్‌లో వచ్చాకే ఆకుపచ్చ వేశాను. ఎగ్ రైస్‌కూ నూడుల్స్‌కూ ఒకే బాణలి అని తెలిసి దాన్ని కూడా వేరు చేయమన్నాను. ఆ పని ఆయన చేతిలో ఉంది, నా చేతిలో లేదు.

చివరికి లెక్క తొమ్మిది ఆకుపచ్చ, ఎనిమిది బ్రౌన్. బ్రౌన్‌వి: రెండు సంగటి పులుసులు, తలకాయ కూర, కుష్కా, రెండు బిర్యానీలు, ఎగ్ రైస్, నాన్‌వెజ్ మీల్స్.

వీటితోపాటు ఇంకొక్క గుర్తే పెట్టాను, అది వేరుశనగకు. మన సీమలో శెనక్కాయలు లేని వంటకం వెతుక్కోవాలి. దోశతో వచ్చే చట్నీ అదే, నాటుకోడి మసాలాలోనూ పొడి కలుపుతున్నామని మాస్టరు చెప్పాడు. పడనివాళ్ళకు అది చిన్న విషయం కాదు. పేరు చివర చిన్న "వే" అక్షరం, కార్డు అడుగున దాని అర్థం. అంతకు మించి గుర్తులు పెడితే ఎవరూ చదవరు.

ఓనరు ఇంకో రెండు అడిగాడు, రెండూ వద్దన్నాను. సంగటి పక్కన "షుగర్ వాళ్ళకు మంచిది" అని వేయమన్నాడు. సంగటిలో రాగిపిండితోపాటు బియ్యం కూడా ఉడుకుతుంది, ఆ మాట మనం రాయకూడదు. గోంగూర పప్పుకు "గోధుమ లేనిది" అని వేయమన్నాడు. పోపులో వేసే డబ్బా ఇంగువలో చాలావరకు గోధుమపిండో మైదానో కలిపి ఉంటుంది. డబ్బా వెనక చదివి చూపిస్తే ఆయనే ఆశ్చర్యపోయాడు.

4. విభాగాలు

చీటీలో ఉన్న వరస ఓనరు గుర్తు తెచ్చుకున్న వరస. కస్టమరు వచ్చే పూటను బట్టి అమర్చాలి. ఐదు విభాగాలు చేశాను: టిఫిన్లు; సంగటి, రొట్టె, కూరలు; బిర్యానీలు; నూడుల్స్, రైస్; భోజనం. టిఫిన్ల తలమీదే "ఉదయం 7 నుంచి 11 వరకు" అని వేస్తే, మధ్యాహ్నం రెండింటికి ఉగ్గాని అడిగి సర్వరుతో వాదించేవాళ్ళు తగ్గుతారు.

వెజ్ అంతా ఒక పక్క, నాన్‌వెజ్ అంతా ఒక పక్క పెట్టే పద్ధతి ఉంది. పెద్ద మెనూకు అది బాగుంటుంది. పదిహేడు వంటకాలకు అలా చేస్తే సంగటి ముద్ద ఒక చోట, దాని పులుసు ఇంకో చోట పడతాయి. అందుకని ప్రతి విభాగంలోనూ ముందు వెజ్, తర్వాత గుడ్డు, తర్వాత మాంసం. రెండో విభాగం ఇలా వచ్చింది: జొన్న రొట్టె, సంగటి ముద్ద, గోంగూర పప్పు, సంగటి నాటుకోడి పులుసు, సంగటి పొట్టేలు పులుసు, తలకాయ కూర.

వివరణ అన్నిటికీ రాయకండి. దోశ అంటే ఏమిటో కర్నూలులో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆరింటికే రాశాను. అందులో ముఖ్యమైనది కుష్కాది: "చికెన్ బిర్యానీ గిన్నెలోని అన్నం, ఎముకల దాల్చాతో". ఓనరు కాస్త మొహం చిట్లించాడు గానీ ఒప్పుకున్నాడు.

5. ధరలు, పన్ను

"జి.ఎస్.టి. అదనం" అన్న మాటను పాత కార్డు చూసి దించకండి. హోటలు ఏ పద్ధతిలో ఉందో ముందు అడగాలి. మామూలుగా జి.ఎస్.టి. వసూలు చేసే చిన్న హోటలుకు రేటు 5 శాతం. అక్కడ 160 రాసి అదనం అంటే కస్టమరు కట్టేది 168. కంపోజిషన్ స్కీములో ఉన్న హోటలు మాత్రం కస్టమరు దగ్గర పన్ను విడిగా తీసుకోకూడదు. తన అమ్మకాల మీద తానే కట్టుకోవాలి. అలాంటి హోటలు కార్డు మీద "అదనం" అని వేస్తే మనమే వాళ్ళను ఇబ్బందిలోకి నెట్టినట్టు. మన ఓనరు కంపోజిషన్‌లో ఉన్నాడు. కాబట్టి కార్డు మీద ఉన్నదే కట్టవలసిన మొత్తం, పన్ను మాటే లేదు.

రెండు ధరలు ఉన్నది బిర్యానీల విభాగంలోనే. దానికోసం కార్డు మొత్తానికీ రెండు ధరల గడులు పెడితే పేజీ సగం ఖాళీ గీతలతో నిండుతుంది. ఆ ఒక్క విభాగం తల మీద సింగిల్, ఫుల్ అని వేసి, మటన్ బిర్యానీ ఫుల్ కింద చిన్న గీత పెట్టాను. కుష్కా కూడా సింగిలే.

ప్రతి అంకె ముందూ రూపాయి గుర్తు అక్కర్లేదు. ₹ గుర్తు 2010లో వచ్చింది, అంతకు ముందు తయారైన పాత తెలుగు ఫాంట్లలో అది లేదు. ప్రింటులో ఖాళీ డబ్బా పడుతుంది. పైన ఒక్కసారి "ధరలు రూపాయల్లో" అంటే సరిపోతుంది.

6. పేజీ మీద పెట్టడం

ఏ4 ఒక వైపు చాలు. అంచులు అన్ని వైపులా 12 మిల్లీమీటర్లు. రంగు అంచుదాకా వెళ్తుంటే కోతకు బయటికి 3 మిల్లీమీటర్లు అదనంగా వదలండి. పేజీ ఎత్తు 842 పాయింట్లు. అంచులు పోతే 774, హోటలు పేరుకు 70 పోతే 704. పదిహేడు వరసలు ఒక్కొక్కటి 21 చొప్పున 357, ఐదు విభాగాల శీర్షికలు 40 చొప్పున 200, ఆరు వివరణలు 14 చొప్పున 84, మొత్తం 641. మిగిలిన 63లో గుర్తుల అర్థాలు పడతాయి. ఈ కూడిక ముందే వేసుకుంటే చివర్లో అక్షరాలు నొక్కి చిన్నవి చేసే బాధ ఉండదు.

అక్షరం 14 పాయింట్లు, వరస 21. ఇంగ్లీషు కార్డుకు 17 సరిపోయేది. తెలుగుకు పైన గుడి, కింద వత్తు ఉన్నాయి. "నాన్‌వెజ్ మీల్స్"లో "ల్స్" పైకి లేస్తుంది, "బజ్జి"లో వత్తు కిందికి దిగుతుంది. వరస ఎడం తగ్గిస్తే పై వరస వత్తు కింది వరస తలకట్టును గుద్దుతుంది. వంటకాల పేర్లకు మండలి, శీర్షికలకు రామభద్ర వాడాను, రెండూ ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లు. ఓనరు వాట్సాప్‌లో పంపే తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది. దాన్ని పేజ్‌మేకర్‌లో అను ఫాంట్ ఉన్న ఫైలులో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తే ఫాంట్ తప్పు కాదు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో Adobe World-Ready Paragraph Composer ఎంచుకోండి, కూడుకుంటాయి.

గుర్తు పేరుకు ముందు, ఎడమ అంచున ఒకే నిలువు వరసలో ఉండాలి. పేరు చివర పెడితే పేరు పొడవును బట్టి గుర్తులు చెల్లాచెదురై, వెజ్ వెతికేవాళ్ళకు కన్ను ఆనదు. వృత్తాన్ని 3 మిల్లీమీటర్ల కంటే చిన్నది చేయలేదు. ధరలను స్పేస్‌బార్ కొట్టి జరపకండి, కుడి వైపు ట్యాబ్ పెట్టండి. రేపు ఒక ధర మారితే స్పేసులతో కొట్టిన పేజీ మొత్తం కదులుతుంది.

7. ప్రింటుకు ముందు

ప్రూఫ్‌ను ఓనరుకు ఒక్కడికే చూపిస్తే పైన హోటలు పేరు, ఫోన్ నంబరు చూసి బాగుందంటాడు. సర్వరు చేతికిచ్చి పైకి చదవమనండి. మా ప్రూఫ్ చదివిన కుర్రాడు "తలకాయ ఆదివారం మాత్రమే అని ఇంత చిన్నగా ఉంటే ఎవరు చూస్తారన్నా" అన్నాడు. ఆ వివరణను బోల్డ్ చేశాను.

ధరలకు వేరే పరీక్ష ఉంది. షీటులో రెండు ధరల గడులనూ కూడండి. చీటీ నుంచి వచ్చిన షీటులో ధరలు D, E గడుల్లో ఉంటే:

```
=SUM(D2:E18)
```

మనకు 2250 రావాలి. తర్వాత షీటు మూసేసి, ప్రూఫ్ మీద కనిపించే ధరలను మాత్రమే చూస్తూ క్యాలిక్యులేటర్‌లో కూడండి. నాకు 2178 వచ్చింది. తేడా 72. తేడాను తొమ్మిదితో శేషం లేకుండా భాగించగలిగితే ఎక్కడో రెండు అంకెలు తారుమారై ఉండే అవకాశం ఎక్కువ. లెక్కలు రాసేవాళ్ళ పాత చిట్కా ఇది. అలాంటి ధర కోసం వెతికితే సంగటి పొట్టేలు పులుసు దొరికింది. 280 బదులు 208 కొట్టాను. నాలుగుసార్లు కళ్ళతో చదివినా దొరకనిది కూడికలో దొరికింది.

సరిచేశాక పదిహేను కాపీలు డిజిటల్ ప్రింటు తీసి లామినేషన్ చేయించాను: టేబుళ్ళకు పన్నెండు, కౌంటరుకు ఒకటి, రెండు అదనం. ఐదువందలు ఆఫ్‌సెట్‌లో వేస్తే ఒక్కోటి చవకగా పడుతుందని ఓనరు అడిగాడు. మటన్ ధర పెరిగిన రోజు ఆ ఐదువందలూ ఏం చేస్తావన్నాను. ఫైలు పేరులో తేదీ పెట్టి, షీటును, నూడుల్స్ ప్యాకెట్ ఫొటోను అదే ఫోల్డర్‌లో ఉంచాను.